నీళ్లు పోతున్నా సింకు ఎందుకు కంపు కొడుతుంది?

వంటగది సింకులో నీళ్లు పోసినవి పోసినట్టే దిగిపోతాయి. ఎక్కడా నిలవవు, వెనక్కి పొంగవు. అయినా పొద్దున్నే వంటగది తలుపు తీయగానే కుళ్లిన గుడ్డు వాసనో, పులిసి పాడైన పిండి వాసనో గుప్పున కొడుతుంది. సింకును తళతళలాడేలా తోమినా మర్నాటికి మళ్లీ అదే వరస. ఇంట్లోవాళ్లకు మొదట కలిగే అనుమానం పైపు ఎక్కడో మూసుకుపోతోందని. ఆ అనుమానంతోనే పొడులు పోయడం, రబ్బరు పంపు కొట్టడం మొదలవుతాయి. నిజానికి పైపు మూసుకుపోవడం వేరు, పైపు కంపు కొట్టడం వేరు. రెండింటికీ కారణాలు కొంతవరకు ఒకటే అయినా, రెండోది మొదటిదానికంటే చాలా ముందుగా వస్తుంది.

ఒక చిన్న లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. సింకు కింద ఉండే వేస్ట్ పైపు ప్లంబర్ల మాటలో ఇంచున్నర పైపు, అంటే సుమారు 40 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు. దాని గోడకు చుట్టూ 3 మిల్లీమీటర్ల మందాన జిగురు పట్టిందనుకుంటే మధ్యలో 34 మిల్లీమీటర్ల దారి మిగులుతుంది. వైశాల్యంలో చూస్తే మొదటి దారిలో ఇంకా 72 శాతం తెరిచే ఉంది. వంటింటి కొళాయి నుంచి నిమిషానికి వచ్చేది మహా అయితే పది లీటర్లు. అంత నీటికి ఆ దారి చాలా ఎక్కువ. కాబట్టి నీళ్లు పోయే తీరులో తేడా ఏమీ కనిపించదు. అదే సమయంలో ఒక్క మీటరు పైపులో పేరుకున్న జిగురు మాత్రం మూడో వంతు లీటరు దాటుతుంది. రోజూ కొత్త ఎంగిలి నీళ్లు తాగుతూ, ఎండకూ గాలికీ తగలకుండా, అంత కుళ్లు పదార్థం వంట చేసే చోటికి రెండడుగుల దూరంలో కూర్చుని ఉంటుంది.

సింకు కింద ఏముంది

సింకు అడుగున కనిపించే జాలీ ఒక గొట్టం ముక్కకు పై భాగం మాత్రమే. ఆ ముక్కను వేస్ట్ కప్లింగ్ అంటారు. సింకు రంధ్రంలోంచి కిందికి దించి, రబ్బరు వాషరు వేసి, కింద నట్టుతో బిగిస్తారు. అక్కడినుంచి రెండు రకాల అమరికలు కనిపిస్తాయి. కొన్ని ఇళ్లలో కప్లింగ్ కింద ప్లాస్టిక్ గిన్నె తగిలించినట్టుండే బాటిల్ ట్రాప్ ఉంటుంది. చాలా ఇళ్లలో అదీ ఉండదు. అటూ ఇటూ వంగే మడతల వేస్ట్ పైపు ఒకటి కప్లింగ్ నుంచి నేరుగా దిగి, గోడలోనో నేలలోనో ఉన్న పెద్ద పైపులోకి దూరుతుంది. ఆ పెద్ద పైపు ఇంటి బయట గల్లీ ట్రాప్‌కూ, దాన్నుంచి చాంబరుకూ, చివరికి సెప్టిక్ ట్యాంకుకో ఊరి డ్రైనేజీకో చేరుతుంది.

ట్రాప్ అనేది ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండేలా వంచిన గొట్టం. పైనుంచి నీళ్లు వస్తే పాత నీళ్లు అవతలికి పొర్లిపోయి, కొత్త నీళ్లు ఆ వంపులో నిలుస్తాయి. నీళ్లకు దారి ఉంది, గాలికి లేదు. డ్రైనేజీ వైపున్న దుర్గంధం ఇంట్లోకి రాకుండా ఆ కొద్దిపాటి నీరే ఆపుతుంది. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో మరుగుదొడ్డి కోసం ఇలాంటి వంపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. కదిలే భాగం ఒక్కటీ లేని ఆ ఏర్పాటు దాదాపు అలాగే నేటికీ వాడుకలో ఉంది. నీటి అడ్డు లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు.

సింకు కంపు సంగతంతా ఈ రెండంగుళాల నీటి చుట్టూ తిరుగుతుంది. ఆ నీటికి ఇవతల, అంటే జాలీకీ ట్రాప్‌కీ మధ్య, పేరుకున్న జిగురులో పుట్టే వాసన ఒకటి. నీటికి అవతల, డ్రైనేజీ పైపుల్లో పుట్టి, అడ్డు లేకనో ఉన్న అడ్డు ఎండిపోయో పైకి వచ్చే వాసన మరొకటి. మొదటిదానికి తోమడం మందు, రెండోదానికి అడ్డు కట్టడం మందు. ఏది ఏదో తెలుసుకోకుండా చేసే పని చాలావరకు వృథా. అవతలి గాలి వస్తున్నప్పుడు ఎంత తోమినా లాభం లేదు, ఇవతలి జిగురు కుళ్లుతున్నప్పుడు ట్రాప్ మార్చినా అది నెల తిరిగేసరికి మళ్లీ పడుతుంది.

జిగురు ఎలా పడుతుంది

జాలీ తీసి, కప్లింగ్ లోపలి గోడను వేలికి చుట్టిన కాగితంతో తుడిస్తే గోధుమ రంగుకూ నలుపుకూ మధ్య మెత్తటి పదార్థం అంటుకు వస్తుంది. పట్టుకుంటే జారుతుంది, లాగితే కాస్త సాగుతుంది. చూడటానికి మురికి. కాని అందులో ఉన్నది మురికి మాత్రమే కాదు, ఎక్కువ భాగం బాక్టీరియా, అవి తమ చుట్టూ తామే అల్లుకున్న జిగురు. ఆ జిగురు ప్రధానంగా పొడవాటి చక్కెర గొలుసులతో, ప్రొటీన్లతో తయారవుతుంది. అది నీటిని విపరీతంగా పట్టి ఉంచుకుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని బయోఫిల్మ్ అంటారు. ఇక్కడ జిగురు పొర అనుకుంటే చాలు.

పళ్ల మీద పట్టే గార కూడా ఇలాంటి జిగురు పొరే. నోరు ఎంత పుక్కిలించినా గార పోదు, బ్రష్షుతో రుద్దితేనే పోతుంది. సింకు పైపుదీ అదే పరిస్థితి. నీరు పైపు మధ్యలో వేగంగా పోయినా గోడను ఆనుకున్న సన్నటి పొరలో దాదాపు కదలకుండా ఉంటుంది. జిగురు ఉండేది సరిగ్గా అక్కడే. పైగా సింకు పైపులో నీరు నిండుగా పారేది అరుదు. కొళాయి తిప్పినప్పుడు అది ఒక పక్కగా సన్నటి ధారై జారుతుంది. మిగతా గోడ తడిసీ తడవకుండా ఉండిపోతుంది. జిగురు పొర పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు.

తిండికి లోటు లేదు. తెలుగు వంటింట్లో సింకులోకి పోయేవాటిలో గంజి, బియ్యం కడిగిన నీళ్లు, దోశ పిండి గిన్నె కడిగిన నీళ్లు, పప్పు అడుగు, పెరుగు గిన్నె నీళ్లు ముఖ్యమైనవి. ఇవన్నీ పిండిపదార్థం, ప్రొటీన్. చూడటానికి నీళ్లలాగే ఉంటాయి కాబట్టి జాలీ వీటిని ఆపదు. జాలీ ఆపే మెతుకులు, కరివేపాకు రెబ్బలు పైపును మూయగలవు గాని, జిగురును పెంచేవి ప్రధానంగా ఈ పలచని నీళ్లే. వాటికి నూనె తోడవుతుంది. నెయ్యి, వనస్పతి చల్లటి గొట్టం గోడకు తగిలి గడ్డకడతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కుంది. నీటిలోని కాల్షియం కొవ్వు ఆమ్లాలతో కలిసి, నీటిలో కరగని తెల్లటి సబ్బు ముద్దవుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో బయటపడిన 250 మీటర్ల పొడవు, 130 టన్నుల కొవ్వు దిబ్బ వెనకా ఈ రసాయనమే ఉంది. సింకు కింద దాని పరిమాణం అణా వంతు కూడా కాదు, స్వభావం మాత్రం అదే.

వాసన పుట్టేది ఆ పొర లోపలి భాగంలో. పై పొరలోని బాక్టీరియా గాలిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. ఒక మిల్లీమీటరు లోతు దాటేలోపే ఆక్సిజన్ అయిపోతుంది. ఇక అడుగున బతికేవి ఆక్సిజన్ అక్కర్లేని రకాలు. అవి గుడ్డు, పప్పు, మాంసాల ప్రొటీన్లలో ఉండే గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మార్చి వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. పాలు, నెయ్యి లాంటి కొవ్వుల నుంచి బ్యూటిరిక్ ఆమ్లం పుడుతుంది. వాంతి వాసనను గుర్తుచేసే పులుపు అదే. చేపలు కడిగిన నీళ్లయితే అమైన్లనే మరో జాతి పదార్థాలు తోడవుతాయి. మనిషి ముక్కు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గాలిలో వంద కోట్ల పాళ్లకు కొద్ది పాళ్లు ఉన్నా పట్టేస్తుంది. అందుకే చెంచాడు జిగురు చాలు వంటగదంతా కంపు కొట్టడానికి. అదే ముక్కు కొద్ది నిమిషాల్లో ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కూడా. ఇంట్లో ఉండేవాళ్లు లేదనే వాసనను గుమ్మం దాటి వచ్చిన చుట్టాలు పట్టుకోవడంలో వింతేమీ లేదు.

వాసన పొద్దున్నే ఎక్కువగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. రాత్రి గిన్నెలు తోమాక ఆరేడు గంటలపాటు సింకులో నీళ్లు పడవు. ఆ సమయంలో జిగురు నుంచి వెలువడిన వాయువు పైపులోనే నిలిచి ఉంటుంది. పొద్దున్నే మొదటి చెంబు నీళ్లు పోయగానే, దిగే నీరు ఆ గాలిని పైకి నెడుతుంది. ఆ గాలే ముఖానికి కొడుతుంది.

ఇవతలా, అవతలా

మొదట చేయాల్సింది అసలు నీళ్లకే వాసన లేదని తేల్చుకోవడం. కొన్ని బోర్ల నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ సహజంగానే ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లు పట్టి, వేరే గదిలోకి తీసుకెళ్లి వాసన చూస్తే సరిపోతుంది. అక్కడా వాసన వస్తే తప్పు సింకుది కాదు.

నీళ్లు బాగానే ఉంటే, హైదరాబాదు అపార్టుమెంట్లలో తరచు ఎదురయ్యే ఒక వంటగదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఐదంతస్తుల భవనం, మూడో అంతస్తులో ఇల్లు. ఒకే గిన్నె ఉన్న స్టీలు సింకు, కింద చెక్క అల్మారా. కప్లింగ్ నుంచి మడతల పైపు నేరుగా దిగి, నేలలోని మూడంగుళాల పైపు మూతిలోకి జానెడు దూరింది. మధ్యలో ట్రాప్ లేదు. ఇంచున్నర పైపు మూడంగుళాల మూతిలో వదులుగా ఉంటుంది కాబట్టి, చుట్టూ ఉన్న సందులో ఎవరో ఎప్పుడో ఒక ప్లాస్టిక్ సంచి కుక్కారు. ఐదు అంతస్తుల సింకుల నీళ్లూ ఒకే నిలువు పైపులో దిగి, కింద గల్లీ ట్రాప్‌లో పడతాయి. డ్రైనేజీ గాలిని ఆ గల్లీ ట్రాప్ ఆపుతుంది, నిజమే. కాని దానికి పైన ఉన్న నిలువు పైపు లోపల ఐదిళ్ల జిగురూ ఉంది. ఆ పైపులోని గాలి వెచ్చబడి పైకి లేస్తూ, సందు దొరికిన ప్రతి అంతస్తులోకీ చొరబడుతుంది. ఈ ఇంటివాళ్లు తమ సింకును ఎంత తోమినా పక్కవాళ్ల పైపు వాసన తప్పదు.

మొదటి రాత్రి సింకును పొడిగా తుడిచి, నీళ్లు నింపి ముడివేసిన ప్లాస్టిక్ సంచిని జాలీ మీద పెట్టాలి. నీటి బరువుకు సంచి జాలీని అతుక్కుని మూసేస్తుంది. కింద అల్మారా తలుపు కూడా మూసి ఉంచాలి. పొద్దున్నే అల్మారా తలుపు తీసినప్పుడు గుప్పున వాసన కొట్టిందంటే అది నేల సందులోంచి వస్తున్నదే. ఈ ఉదాహరణలో అలాగే వచ్చింది. రెండో రాత్రి సందులోని పాత సంచి లాగేసి, తడి గుడ్డను గట్టిగా కుక్కి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, టేపు వేశారు. జాలీని తెరిచి ఉంచారు. పొద్దున్నే అల్మారాలో వాసన లేదు, సింకు దగ్గర మాత్రం పుల్లటి కంపు ఉంది. మడతల పైపు కూడా అదే నిలువు పైపులోకి తెరుచుకుంటుంది కాబట్టి ఈ కంపు పైపుదా, కిందిదా అన్నది ఇంకా తేలలేదు. జాలీ విప్పి కాగితంతో తుడిస్తే నల్లటి జిగురు వచ్చింది. దాన్ని దూరంగా తీసుకెళ్లి వాసన చూస్తే అదే పుల్లటి కంపు. అంటే ఇక్కడ రెండు కారణాలూ కలిసే ఉన్నాయి. ఇలా కలిసి ఉండటమే ఎక్కువ.

జిగురు బాగా పెరిగిందనడానికి ఇంకో సాక్ష్యం చిన్న బూడిదరంగు ఈగలు. నూగు రెక్కలతో, ఎగరడం కంటే గోడ మీద వాలి ఉండటమే ఎక్కువగా చేసే ఈ ఈగలు జిగురులోనే గుడ్లు పెడతాయి. వాటి పిల్లపురుగులు దాన్నే తిని పెరుగుతాయి. రాత్రి జాలీ మీద గాలి ఆడేంత సందు వదిలి, టేపును అంటుకునే వైపు కిందికి ఉండేలా వేస్తే, లోపలినుంచి వచ్చినవి పొద్దుటికి దానికి అంటుకుని ఉంటాయి.

ట్రాప్ ఉన్న ఇళ్లలో అవతలి గాలి రావడానికి మామూలు కారణం అడ్డు నీరు ఎండిపోవడం. ఎండాకాలంలో ఇల్లు కొన్ని వారాలు తాళం వేసి ఉంటే నీరు ఆవిరైపోతుంది. వంటగది మూలనో బాల్కనీలోనో ఎప్పుడూ నీళ్లు పడని నహాని ట్రాప్ ఉంటే, ఇంట్లో మనుషులున్నా అది ఎండిపోవచ్చు. నింద మాత్రం సింకు మీద పడుతుంది. ప్రతి నహాని ట్రాప్‌లోనూ ఒక చెంబు నీళ్లు పోసి గంట ఆగితే ఈ అనుమానం తీరిపోతుంది.

విప్పి కడగడం

పై ఉదాహరణలో పని మడతల పైపుతో మొదలవుతుంది. కింద ఖాళీ బకెట్టు పెట్టి, కప్లింగ్ దగ్గరి నట్టును చేత్తో తిప్పితే పైపు ఊడుతుంది. ప్లాస్టిక్ నట్లకు రెంచీ వాడితే పగిలే అవకాశం ఎక్కువ. చేతికి రాకపోతే గుడ్డ చుట్టి తిప్పడం మేలు. మడతల పైపు సులువుగా వంగుతుంది గాని, దాని ప్రతి మడతా జిగురుకు ఒక అర. బ్రష్షు మడతల శిఖరాలను తాకుతుంది, లోయల్లోకి దిగదు. బయట కుళాయి దగ్గర పెట్టి ఎంత రుద్దినా సగమే పోతుంది. అందుకే పాత మడతల పైపును కడిగే శ్రమ దండగ. కొత్తది వేయడం చవక. వీలైతే లోపల నునుపుగా ఉండే గట్టి పైపు వేయించాలి. పైపు పొడవు అవసరానికి మించి ఉండకూడదు. మిగిలిన పొడవు అల్మారాలో వేలాడితే అది కిందికి వాలి, అక్కడ మెతుకులు చేరి కుళ్లుతాయి. మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉంటే నీరు తనతోపాటు చెత్తనూ తీసుకుపోతుంది.

కప్లింగ్ మాత్రం సింకుకే ఉంటుంది, దాన్ని అక్కడే కడగాలి. జాలీ మధ్యలోని స్క్రూ విప్పితే అది పైకి వస్తుంది. సీసాలు కడిగే పొడవాటి బ్రష్షు మీద గిన్నెల సబ్బు వేసి, లోపలి గోడను, ముఖ్యంగా జాలీ అడుగు వైపును, రబ్బరు వాషరు అంచును రుద్దాలి. జాలీ పై వైపు రోజూ తోముతారు. కింది వైపు సింకు బిగించిననాటి నుంచీ ఎవరూ చూసి ఉండరు. కొన్ని సింకుల్లో పొంగిపోకుండా పక్క గోడకు చిల్లు ఉంటుంది. ఆ చిల్లు నుంచి వచ్చే సన్నటి గొట్టంలో నీళ్లు ఎప్పుడోగాని పారవు, తడి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. మిగతాదంతా శుభ్రం చేసినా వాసన పోని చోట దాన్నే అనుమానించాలి.

బాటిల్ ట్రాప్ ఉన్న ఇంట్లో పని ఇంకా సులువు. బకెట్టు పెట్టి అడుగున ఉన్న గిన్నెను ఎడమవైపుకు తిప్పితే ఊడి వస్తుంది. అందులో నల్లటి నీళ్లు, అడుగున ఇసుకలాంటి ముద్ద ఉంటాయి: టీ పొడి, ఆవాలు, పప్పు పొట్టు. ఆ అమరికలోనే ఉన్న లోపమిది. వంపు గొట్టంలో నీరు మలుపు తిరుగుతూ చెత్తను కొంతవరకు తోసుకుపోతుంది, బాటిల్ ట్రాప్‌లో మాత్రం బరువైనవన్నీ అడుగున ఆగిపోతాయి. చోటు తక్కువ తీసుకుంటుందని, దుకాణాల్లో సులువుగా దొరుకుతుందని దీన్ని వంటగదికీ బిగిస్తున్నారు గాని, నిజానికి ఇది చేతులు కడుక్కునే బేసిన్‌కే తగింది. వంటగదిలో ఉంటే రెండు నెలలకొకసారైనా గిన్నె విప్పక తప్పదు. గిన్నెతోపాటు, దాని మధ్యలోకి దిగే లోపలి గొట్టాన్ని కూడా బయటా లోపలా రుద్దాలి. చాలామంది గిన్నె కడిగి, ఆ గొట్టాన్ని వదిలేస్తారు. ఊడదీసిన గిన్నెను అలవాటుగా పైనున్న సింకులోనే కడగబోతే ఆ నీళ్లన్నీ అల్మారాలో పడతాయి. ప్లంబర్లు దీన్ని తరచు చూస్తుంటారు.

తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు మెలిపడకుండా చూసుకోవాలి. చేత్తో బిగించాక సింకును సగం నింపి ఒక్కసారి వదలాలి. ప్రతి నట్టు చుట్టూ పొడి కాగితం తిప్పితే, కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తెలుస్తుంది.

ఇక నేల సందు. పైపుకూ మూడంగుళాల మూతికీ సరిపోయే రబ్బరు బిరడా హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. ప్లంబర్లు కొందరు తెల్ల సిమెంటు పూసేస్తారు. అది గాలిని బాగానే ఆపుతుంది, మళ్లీ విప్పాల్సి వస్తే పగలగొట్టాలి. రబ్బరే నయం. ఈ ఇంట్లో కప్లింగ్‌కూ నేలకూ మధ్య ట్రాప్ కూడా బిగించాలి. లేకపోతే సందు మూసినా, నిలువు పైపులోని గాలికి జాలీ దారి తెరిచే ఉంటుంది.

పొడులు, వెనిగర్, మరిగే నీళ్లు

విప్పే శ్రమ లేకుండా ఏదైనా పోసి పని ముగించాలన్న కోరిక సహజం. వంట సోడా వేసి, పైన వెనిగరో నిమ్మరసమో పోయమనే చిట్కా అందరికీ తెలిసిందే. బుసబుసా నురుగు వస్తుంది, ఏదో జరిగిపోతోందనిపిస్తుంది. జరిగేదల్లా సోడా, ఆమ్లం ఒకదాన్నొకటి నిర్వీర్యం చేసుకోవడమే. మిగిలేది కాస్త ఉప్పులాంటి పదార్థం కలిసిన నీళ్లు, పైకి పోయే కార్బన్ డయాక్సైడ్. వెనిగర్ ఒక్కదాన్నే పోసినా పెద్ద ఫలితం ఉండదు. 1680లలో డచ్ పరిశీలకుడు లీవెన్‌హుక్ తన పళ్ల గారను సూక్ష్మదర్శినితో చూసి, వెనిగర్‌తో నోరు కడిగినా గార పైభాగంలోని జీవులే చచ్చాయనీ, లోపలివి బతికే ఉన్నాయనీ రాసిపెట్టాడు. సింకు జిగురులోనూ అదే జరుగుతుంది. బ్లీచింగ్ ద్రవమైతే పై పొరను గట్టిగానే చంపుతుంది, వాసన ఒకటి రెండు రోజులు తగ్గుతుంది. చచ్చిన జిగురు మాత్రం గోడకే ఉంటుంది, అడుగున బతికినవి దాన్నే తిని మళ్లీ పెరుగుతాయి.

డ్రైన్ క్లీనర్ పొడుల్లో సాధారణంగా ఉండేది కాస్టిక్ సోడా. నీటితో కలిసినప్పుడు అది బాగా వేడెక్కి, కొవ్వును సబ్బుగా మార్చి కరిగిస్తుంది. మూసుకుపోయిన పైపుకు దాని ఉపయోగం ఉంది. నీళ్లు బాగా పోతున్న పైపులో మాత్రం అది ధార వెంట జారి కిందికి పోతుంది, పై గోడనున్న జిగురును తాకనే తాకదు. కళ్లలో పడితే చూపు పోగొట్టగలదు. అన్నిటికంటే ప్రమాదం ఒకటి పనిచేయలేదని వెంటనే ఇంకొకటి పోయడం. బ్లీచింగ్ ద్రవం మీద బాత్రూమ్ ఆసిడ్ పడితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. కాస్టిక్ సోడా మీద ఆసిడ్ పడితే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

మరిగే నీళ్లకూ హద్దుంది. వేస్ట్ పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అన్నం వార్చిన గంజిని పొయ్యి మీదినుంచి తెచ్చి నేరుగా సింకులో వంచితే రెండు నష్టాలు: పైపు కీళ్లు వదులవుతాయి, జిగురుకు పిండి అందుతుంది. కొవ్వు కరగడానికి అంత వేడి అక్కర్లేదు. ఒక పాలు మరిగిన నీళ్లకు రెండు పాళ్లు కొళాయి నీళ్లు కలిపితే సుమారు 53 డిగ్రీలకు వస్తుంది. నెయ్యి, వనస్పతి కరగడానికి అది చాలు, పైపుకు హాని లేదు. అలాంటి నీళ్లు మూడు లీటర్లలో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా, కాస్త గిన్నెల సబ్బు కలిపి, రాత్రి గిన్నెలన్నీ అయ్యాక మెల్లగా పోసి, పావుగంట ఆగి, తర్వాత సింకును సగానికి నింపి ఒక్కసారి వదలాలి. సన్నటి ధార పైపు అడుగునే తడుపుతుంది. అలా ఒక్కసారి వదిలిన నీరు పైపు నిండుగా పారి, నాలుగు వైపులా గోడను తాకుతుంది.

ఇది చేసినా జిగురు మొత్తం పోదు, పెరగడం నెమ్మదిస్తుంది. రుద్ది కడిగిన గోడ మీద కూడా కొద్ది రోజుల్లోనే కొత్త పొర మొదలవుతుంది. వారానికొకసారి సోడా నీళ్లు, జాలీ అడుగుకు బ్రష్షు పడితే అది వాసన వచ్చేంత మందం కాదు. గంజి, పిండి నీళ్లు సింకులోకి పోకుండా చూస్తే పెరుగుదల ఇంకా తగ్గుతుంది. జిడ్డు గిన్నెలను తోమే ముందు కాగితంతోనో కొబ్బరి పీచుతోనో తుడిచి, ఆ జిడ్డును చెత్తబుట్టలో వేయడం కూడా అందుకే.

అన్నీ చేసినా పోకపోతే

ట్రాప్ ఉంది, శుభ్రంగా ఉంది, నేల సందు మూసి ఉంది. అయినా వాసన ఉండి ఉండి వస్తుంది, వచ్చే ముందు సింకులో గుడగుడమని చప్పుడవుతుంది. ఇది వేరే కథ. పై అంతస్తులో ఎవరో బకెట్టు నీళ్లు ఒక్కసారి వదిలినప్పుడు అవి నిలువు పైపును నింపుకుంటూ దిగుతాయి. వాటి వెనక ఖాళీ ఏర్పడుతుంది. పైనుంచి గాలి అందకపోతే ఆ ఖాళీ కింది ఇళ్ల ట్రాపుల్లోని నీటిని లాగేసుకుంటుంది. గుడగుడ ఆ నీరు పోతున్న చప్పుడు. రెండంగుళాల అడ్డు అరంగుళానికి పడిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది.

దీన్ని సరిచూడాల్సింది వంటగదిలో కాదు, డాబా మీద. నిలువు పైపు పై కొస డాబా దాటి పైకి వచ్చి, జాలీ టోపీతో గాలికి తెరిచి ఉండాలి. డాబా మీద గది వేసినప్పుడో, వాసన వస్తోందని ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడో ఆ కొసకు మూత బిగించేస్తుంటారు. కొన్నిచోట్ల టోపీలో పిట్టలు గూడు పెడతాయి. మూత తీసి, టోపీ శుభ్రం చేశాక పై ఇంటివాళ్లను ఒక బకెట్టు నీళ్లు ఒక్కసారి పోయమని, కింద సింకు దగ్గర చెవి పెట్టి వినాలి. గుడగుడ ఆగితే గాలి అందుతోందన్నమాట. ఆగకపోతే నిలువు పైపు మధ్యలోనే ఎక్కడో సన్నబడి ఉంటుంది. అప్పుడు అది ఒక ఇంటి పని కాదు. భవనం మొత్తానికి ప్లంబరును పిలిచి, పై కొస నుంచి గల్లీ ట్రాప్ దాకా రాడ్డు వేయించాల్సి ఉంటుంది.